ఆరేళ్ళు ఇంగ్లీషులో కాపురం చేశాక మా ఆయన తెలుగు నేర్చుకుంటున్నాడు, నాకెందుకో భయంగా ఉంది

వానచినుకు | సోమవారం, రాత్రి 10:42

మా ఆయన మాతృభాష బెంగాలీ, నాది తెలుగు. పరిచయమైన రోజు నుంచీ మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే. పెళ్ళయి ఆరేళ్ళు. ప్రేమించుకున్నదీ, తిట్టుకున్నదీ, లోన్ లెక్కలు వేసుకున్నదీ అంతా ఆ భాషలోనే. ఎనిమిది నెలల కింద తనంతట తనే తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. వింటే అందరూ "ఎంత అదృష్టవంతురాలివే" అంటారు. నాకు మాత్రం లోపల ఏదో కలుక్కుమంటోంది. ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నా.

మొదటిది, నేర్పేవాళ్ళు ముందు మర్యాద రూపాలు నేర్పారట. అందుకని నన్ను "మీరు" అంటాడు. రాత్రి దీపం ఆర్పేసి, చెయ్యి నా మీద వేసి, "మీరు అలసిపోయారా?" అని అడుగుతాడు. బ్యాంకులో కౌంటర్ అవతల మనిషి అడిగినట్టుంటుంది. నవ్వాలో ఏడవాలో తెలీదు.

రెండోది, కోపం వచ్చినప్పుడు తెలుగులో గొణుక్కోవడం నాకు అలవాటు. అతనికి తెలీదు కాబట్టి ఏదైనా అనేసుకుని తేలికపడేదాన్ని. పోయిన వారం "ఈ మనిషికి ఎప్పుడర్థమవుతుందో" అని గొణిగాను. పక్క గదిలోంచి "ఏది అర్థం కావాలి?" అని వినిపించింది. గుండె ఆగినంత పనైంది.

మూడోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇంగ్లీషులో అతను చురుకైన మనిషి, మాటకి మాట అందిస్తాడు. నేను పడిపోయిందే ఆ చురుకుదనానికి. తెలుగులో నాలుగేళ్ళ పిల్లాడిలా మాట్లాడతాడు. ముద్దొస్తాడు, నిజమే. కానీ ఆ ముద్దు వేరు కదా?

ఇన్నేళ్ళ తర్వాత ఇంటి భాష మార్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీకేమైంది?

---

తిక్కశంకరుడు | సోమవారం, రాత్రి 11:15

అమ్మా, మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు. పరాయి భాషలో ఫీలింగ్ ఉండదు, ఇది పరిశోధనల్లో తేలిన విషయమే. ఇంగ్లీషులో తిడితే తుడుచుకుపోతాం, అదే తిట్టు తెలుగులో తగిలితే నిద్ర పట్టదు. అంటే ఆరేళ్ళుగా మీరిద్దరూ గ్లౌజులు వేసుకుని చేతులు పట్టుకున్నారన్నమాట. ఇప్పుడు ఆయన గ్లౌజు తీస్తుంటే భయమేంటి?

పైగా బెంగాలీ, తెలుగు రెంటిలోనూ బోలెడు సంస్కృతం మాటలున్నాయి. ప్రేమ, అభిమానం, అనురాగం అన్నీ ఒకటే. ఇంకో రెండు నెలల్లో దున్నేస్తాడు చూడండి.

---

మూడోబెంచి | సోమవారం, రాత్రి 11:31

మాదీ ఇదే ప్రాబ్లం అండి. మా ఆవిడ కన్నడ, నేను తెలుగు. పాపకి ఏ భాష ముందు నేర్పాలి అని రెండు వైపుల పెద్దవాళ్ళూ కొట్టుకుంటున్నారు. మీ పిల్లలు ఏ భాష మాట్లాడతారు? మీ ఇంట్లో పెళ్ళికి ఒప్పుకున్నారా?

---

వానచినుకు | మంగళవారం, ఉదయం 7:05

మూడోబెంచి గారూ, మాకు పిల్లలు లేరండి. నేనడిగింది మా ఇద్దరి మధ్య సంగతి. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, చాలామంది చెప్తారు.

శంకరుడు గారూ, మీరు "అభిమానం" అన్నారు చూడండి, సరిగ్గా ఆ మాటే మా కొంప ముంచింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోపమా అని అడిగితే ఇంగ్లీషులోనే, మధ్యలో ఒక్క బెంగాలీ మాట వేసి, "కోపం కాదు, ఓభిమాన్" అన్నాడు. నాకు అభిమానం అని వినిపించింది. ఓహో, నా మీద అభిమానంతోనే ఇలా ఉన్నాడన్నమాట అనుకుని మురిసిపోయి, "నీ అభిమానానికి థ్యాంక్స్" అని నవ్వేసి వెళ్ళిపోయాను. ఇంకో రెండు రోజులు మాటల్లేవు. ఎందుకో నాకు ఇవాళ్టికీ పూర్తిగా తెలీదు.

ఈ మధ్య ఇంకోటి. ఆఫీసు పనిలో తలమునకలుగా ఉన్నాడు, ఏదో చెప్పబోయాను. తెలుగులో ఎంతో శ్రద్ధగా కూడబలుక్కుని "నాకు అవసరం ఉన్నప్పుడు మీతో మాట్లాడతాను" అన్నాడు.

---

నిఘంటువు | మంగళవారం, ఉదయం 9:20

ఆ రెండో వాక్యం చదివి నవ్వొచ్చింది, క్షమించండి. బెంగాలీలో "ఒబొషొర్" అంటే తీరిక. మన అవసరమే ఆ మాట, కానీ అర్థం వేరే దారి పట్టింది. పాపం ఆయన "తీరిక దొరికినప్పుడు మాట్లాడతా" అన్నాడు. మీకు "నీతో పని పడితే పిలుస్తాలే" అన్నట్టు తగిలింది.

నేను ముప్పై ఏళ్ళు భాషాశాస్త్రం చెప్పినవాణ్ణి, మా ఇంటావిడదీ వేరే భాషే. కొంచెం వివరంగా రాస్తాను.

శంకరుడు గారన్నది సగం నిజం. 2003లో కేథరిన్ హారిస్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. టర్కిష్ మాతృభాషగా ఉండి, ఇంగ్లీషు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకి రెండు భాషల్లోనూ మాటలు వినిపించి, చూపించి, చర్మం మీద చెమట ఎలా మారుతోందో కొలిచారు. చిన్నప్పుడు పెద్దవాళ్ళు మందలించే "సిగ్గులేదూ" లాంటి మాటలకి టర్కిష్‌లో స్పందన బాగా ఎక్కువగా వచ్చింది. ఇది శంకరుడు గారి వైపు సాక్ష్యం. కానీ తర్వాత అదే తరహా పరీక్ష చిన్నప్పుడే రెండు భాషలూ నేర్చినవాళ్ళ మీద చేస్తే ఆ తేడా పెద్దగా కనబడలేదు. అంటే పరాయి భాషకి ఫీలింగ్ లేకపోవడం కాదు, ఆ మాట మన జీవితంలోకి ఎప్పుడు, ఎవరి నోటి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. "ఐ లవ్ యూ" ఏ భాషలో బరువుగా ఉంటుందని డెవాల్ అనే పరిశోధకుడు వెయ్యిమందికి పైగా బహుభాషీయుల్ని అడిగి 2008లో అచ్చువేశాడు. సుమారు సగంమంది మాతృభాష అన్నారు. మిగతావాళ్ళలో కొందరికి రెండూ సమానం, కొందరికి తర్వాత నేర్చుకున్న భాషలోనే బరువెక్కువ. ప్రేమ ఆ భాషలోనే జరిగినవాళ్ళకి ఆ భాషే మరి. చినుకు గారి ఇంగ్లీషు గ్లౌజు కాదు, ఆరేళ్ళకి అది చర్మమే అయిపోయింది. దాన్ని తీయబోతే నొప్పి ఉండదా?

ఇక ఓభిమాన్. మన అభిమానం కాదది. కావలసినవాళ్ళు మనసెరిగి నడుచుకోనప్పుడు కలిగే చిన్నబోవడం. పరాయివాళ్ళ మీద కోపం వస్తుంది, ఓభిమాన్ రాదు. నాకు తెలిసినంతలో తెలుగులో దానికి దగ్గర మాట అలక. ఆయన "నేను అలిగాను, వచ్చి బతిమాలు" అంటే మీరు థ్యాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

ఇంకోటి కూడా జాగ్రత్త. బెంగాలీలో "రాగ్" అంటే కోపం. అనురాగంలోని రాగమే అది!

పొంచి ఉండేవి ఇలాంటి మాటలే. పూర్తిగా తెలియని మాటైతే అర్థం అడుగుతాం. తెలిసినట్టు వినిపించే మాట దగ్గర అడగం. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మాటకి అర్థం అడగం, సన్నివేశం అడుగుతాం. "మీ ఇంట్లో ఈ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అనేవాళ్ళు?" అని. నిఘంటువు ఇవ్వనిది అందులో దొరుకుతుంది. (పేరు నిఘంటువని పెట్టుకుని ఇలా అనకూడదు గానీ.)

---

గోరువంక | మంగళవారం, మధ్యాహ్నం 2:48

నేను మీ ఆయన పక్షం. పుట్టుకతో తమిళం, కట్టుకున్నది తెలుగు. మూడేళ్ళు ఇంగ్లీషులో గడిపి, తర్వాత నేనే పట్టుబట్టి తెలుగులోకి మారాను. ఇప్పుడు పద్నాలుగేళ్ళు. తప్పులుంటే సర్దుకోండి.

మాకూ తమిళంలో అలకకి మాటుంది, ఊడల్. తిరుక్కురళ్ చివరి అధ్యాయమే ఊడల్‌లోని ఆనందం గురించి. అందుకని మా ఆయన "అలిగావా?" అన్న మొదటిసారే నాకు అర్థమైపోయింది. ఇంగ్లీషులో "ఆర్ యూ అప్సెట్" అనేవాడు. అప్సెట్ అంటే కారణం చెప్పాలి. అలక అంటే కారణం అతనే కనుక్కోవాలి. చూశారా ఎంత సుఖమో.

కానీ మొదటి రెండేళ్ళూ నరకం. తమిళంలో నేను గడుసుదాన్ని, తెలుగులో మంచిదాన్ని. మంచిదాన్ని ఎందుకంటే గడుసుగా మాట్లాడే మాటలు రావు కాబట్టి! గొడవ పడితే వాక్యం వెతుక్కునే లోపు ఆయన మూడు వాక్యాలు అనేసేవాడు. నేను ఊరుకుంటే ఒప్పుకున్నాననుకునేవాడు. నేను ఒప్పుకోలేదండీ, క్రియ కోసం వెతుకుతున్నాను.

ఇల్లు ఒకరి మాతృభాషలోకి మారితే రెండోవాళ్ళు గొడవల్లో ఓడిపోవడం మొదలవుతుంది. గొడవలు తగ్గాయి అని సంతోషపడకండి. ఎవరి గొంతు తగ్గిందో చూడండి. మేం చేసింది ఏంటంటే, గొడవ వచ్చినప్పుడు ఎవరి భాషలో వాళ్ళు ముందు పూర్తిగా మాట్లాడేస్తాం. అవతలివాళ్ళకి అర్థం కాకపోయినా సరే, అడ్డురాకూడదు. తర్వాత కూర్చుని అవతలివాళ్ళ భాషలో మళ్ళీ చెప్తాం. రెండోసారి చెప్పేటప్పుడు సగం మాటలు వాటంతటవే రాలిపోతాయి. ఏవి రాలిపోలేదో అవే అసలు గొడవ.

ఇంకో మాట, ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేదే. పడగ్గదిలో కావాలి, వద్దు అని చెప్పడానికి తమిళంలో నాకు రెండు రకాల మాటలే తెలుసు. ఒకటి డాక్టరు దగ్గరవి, ఇంకొకటి బూతులు. పరాయి భాషలో సిగ్గు అడ్డు రాలేదు. ఆ విషయంలో మేం ఇప్పటికీ ఇంగ్లీషే. మొత్తం మార్చేయాలని ఎవరు చెప్పారు?

---

చేతిమాట | మంగళవారం, రాత్రి 9:10

నేను చెప్పేది ఇక్కడ అతుకుతుందో లేదో. మా ఆవిడ పుట్టు బధిరురాలు. ఆమె మాతృభాష సైగభాష, నాది తెలుగు. తెలుగుని చేతుల్లోకి మార్చడమే సైగభాష అనుకునేవాణ్ణి. కాదు, దాని వ్యాకరణం దానిదే. అందులో ముఖం కూడా వ్యాకరణమే. కనుబొమ్మలు కదపకపోతే ప్రశ్న ప్రశ్న కాదు. అందుకని ముఖం బిగించుకుని "ఏం లేదులే" అనడం కుదరదు. అన్నా ముఖం పట్టించేస్తుంది.

పోగొట్టుకున్నది ఏంటంటే, వేరే గదిలోంచి కేకేయలేను. వెనక నుంచి వచ్చి చెవిలో చెప్పలేను. చీకట్లో కబుర్లు లేవు. దీపం ఆర్పాక ఆమె అరచేతిలో వేలితో రాస్తాను, అది నాలుగు మాటలకి మించదు. నాలుగు మాటలే ఉన్నప్పుడు ఏ నాలుగు రాయాలా అని ఆలోచిస్తాను చూడండి, పక్కన పడుకుని గంటసేపు వాగే రోజుల్లో ఆ ఆలోచనే లేదు.

వచ్చిన లాభం ఏంటంటే, పోట్లాడుకోవాలంటే ఒకరి ముఖం ఒకరు చూడాల్సిందే. ఫోన్ చూస్తూ పోట్లాడటం మా ఇంట్లో కుదరదు. ఆమెకి విసుగొస్తే కళ్ళు మూసుకుంటుంది. దానికి జవాబు లేదు.

---

తిక్కశంకరుడు | మంగళవారం, రాత్రి 10:02

చేతిమాట గారూ, మీది చదివి కాసేపు ఊరుకున్నాను.

నిఘంటువు గారు చెప్పిన ఒబొషొర్ నిజంగా తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ గొడవని రెండు భాషల్లో రెండుసార్లు పడటం మాత్రం నా వల్ల కాదు. ఒకసారికే టైమ్ లేదు. అయినా ప్రేమ ఉంటే ఇవన్నీ ఎందుకండీ, "నిన్ను ప్రేమిస్తున్నాను" అని తెలుగులో రోజుకోసారి అనమనండి, అదే అలవాటవుతుంది.

---

గోరువంక | మంగళవారం, రాత్రి 10:09

మీరు మీ ఇంట్లో అంటారా శంకరుడు గారూ?

---

తిక్కశంకరుడు | మంగళవారం, రాత్రి 10:11

ఛ. మా ఆవిడ జ్వరమొచ్చిందా అని నుదురు పట్టుకుని చూస్తుంది.

---

నిఘంటువు | బుధవారం, ఉదయం 8:37

శంకరుడు గారి నుదురే నా పాఠానికి ఉదాహరణ. "ప్రేమిస్తున్నాను" వ్యాకరణపరంగా తప్పు కాదు, కానీ మన ఇళ్ళలో బతికిన మాట కాదు. మనం "నాకు నువ్వంటే ఇష్టం" అంటాం. ఇష్టం నాకు కలిగింది, నేను చేసింది కాదు. బెంగాలీలో "ఆమి తొమాకె భాలొబాషి" అంటే నేనే కర్తని. కానీ "తొమాకె ఆమార్ భాలొ లాగే" అనీ ఉంది. అది మన "నువ్వు నాకు నచ్చుతావు" పక్కనే కూర్చుంటుంది. అంటే మీ రెండు భాషలకీ ఈ విషయంలో నేరుగా దారి ఉంది. మీరిద్దరూ ఇంగ్లీషు గుండా చుట్టూ తిరిగి వస్తున్నారు. ఇంగ్లీషులో ప్రేమ ఎప్పుడూ ఒకరు ఇంకొకరిని చేసే పని.

అలాగే ఆజ్ఞలు. మనం ఇంట్లో దయచేసి అనం. "ఆ తలుపు కాస్త వేయవూ" అంటాం. మర్యాద అంతా ఆ "కాస్త"లోనూ, ఆ చివరి దీర్ఘంలోనూ ఉంటుంది. దాన్నే ఇంగ్లీషులోకి దింపితే "క్లోజ్ ద డోర్" మిగులుతుంది, అవతలివాళ్ళకి ఆర్డరేసినట్టు. ఆయన తెలుగులో "దయచేసి తలుపు వేయండి" అంటే మీకు బస్టాండు మైకులా వినిపిస్తుంది. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు, ఇద్దరికీ అవమానమే జరిగింది. చిన్నదే గానీ రోజుకి ఇరవైసార్లు జరుగుతుంది.

"మీరు" సంగతికి వస్తాను. బెంగాలీలో మూడు మెట్లు: ఆప్‌ని, తుమి, తుయి. భార్యాభర్తలు మామూలుగా తుమి అనుకుంటారు. ఆయనకి మీరంటే ఆప్‌ని అనీ, నువ్వంటే తుమి అనీ ఒక్కసారి చెప్పండి, తనే మారతాడు. కానీ చినుకు గారూ, ఒకటి అడుగుతాను, చెప్పాలని లేకపోతే వదిలేయండి. తెలుగులో మీరు ఆయన్ని ఏమంటారు?

---

వానచినుకు | బుధవారం, రాత్రి 11:50

అడిగేశారా. అసలు భయం అదేనేమో అని రెండు రోజులుగా అనుకుంటున్నా.

మా అమ్మ నాన్నని "ఏవండీ" అనే పిలిచింది. పేరు పెట్టి పిలవగా వినలేదు. నాకు ఇంగ్లీషులో "యూ" దొరికింది. అందులో చిన్నా పెద్దా లేదు. ఆరేళ్ళుగా నువ్వా, మీరా అన్న ప్రశ్నే నా ముందుకి రాలేదు. ఇప్పుడు అతను తెలుగులో మాట్లాడితే నేను తెలుగులో జవాబివ్వాలి, అప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలి. "నువ్వు" అంటే మా అమ్మ ఎదురుగా నోరు పెగలదు. "మీరు" అంటే నేనే మా అమ్మని అయిపోతాను. అందుకే అతను తెలుగు మాట్లాడుతుంటే నేను ఇంగ్లీషులోకి పారిపోతున్నాను. అతను అది గమనించాడు కూడా. నా తెలుగు అంత ఘోరమా అని అడిగాడు.

---

గోరువంక | గురువారం, ఉదయం 6:30

మా ఆయన్ని నేను పద్నాలుగేళ్ళుగా ఏదీ అనలేదు. "వచ్చారా" కాదు, "వచ్చావా" కాదు. "వచ్చేసినట్టేనా?" తెలుగులో తప్పించుకోవడానికి బోలెడు దారులున్నాయి. ఇది మంచి సలహా కాదని నాకూ తెలుసు.

---

నిఘంటువు | గురువారం, ఉదయం 9:02

ఇంగ్రిడ్ పిల్లర్ అనే ఆవిడ ఇంగ్లీషు, జర్మన్ జంటల సంభాషణల్ని పరిశీలించి 2002లో రాసిన దాంట్లో ఒక సంగతి నాకు బాగా గుర్తుంది. మొదట కలిసినప్పుడు ఏ భాష మాట్లాడారో దానికే జంటలు అతుక్కుపోతాయి, మారదామనుకున్నా ఎదుటి మనిషి మారిపోయినట్టు అనిపిస్తుంది. మీకు అనిపించింది వింతేం కాదు. ఇంట్లో ఇంగ్లీషు ఉండనివ్వండి. తెలుగుకి ఏదో ఒక మూల ఇవ్వండి.

---

వానచినుకు | ఆదివారం, రాత్రి 10:15

నిన్న పోట్లాడుకున్నాం. కారణం చెప్పుకోదగ్గది కాదు, టవల్. గోరువంక గారి పద్ధతి చెప్పి, ముందు నువ్వు నీ భాషలో మాట్లాడు, నేను అడ్డురాను అన్నాను.

పది నిమిషాలు మాట్లాడాడు. ఆరేళ్ళలో అతను తన భాషలో కోపంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వాళ్ళ అమ్మతో ఫోన్‌లో విన్నది వేరు. చేతులు తిప్పుతున్నాడు, గొంతు సన్నబడింది, మధ్యలో తన మాటకి తనకే నవ్వొచ్చి ఆపుకున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నాలుగేళ్ళ పిల్లాడు మాత్రం అందులో లేడు. చివర్లో "రాగ్ నొయ్, ఓభిమాన్" అన్నాడు, అది అందింది.

నిఘంటువు గారు చెప్పినట్టు అర్థం అడగలేదు. మీ ఇంట్లో ఆ మాట ఎప్పుడు అనేవాళ్ళు అని అడిగాను. చిన్నప్పుడు వాళ్ళమ్మ బయటికెళ్తూ అన్నయ్యని తీసుకెళ్ళి ఇతన్ని వదిలేసిందట. ఆమె తిరిగొచ్చేసరికి మెట్ల మీద వీపు తిప్పుకుని కూర్చున్నాడట. "ఎక్కడ కూర్చుంటే అమ్మకి కనిపిస్తానో చూసుకుని మరీ కూర్చున్నా" అన్నాడు. అంటే కనపడాలి, కానీ తను చూడకూడదు. ఇది అలకే, నాకు ఇంకేం చెప్పక్కర్లేదు. తెలుగులో దీన్ని అలగడం అంటారని చెప్పాను. రెండుసార్లు అనుకుని, దుప్పటి లాక్కుంటూ "నేను అలిగింది" అన్నాడు. దిద్దలేదు.

"మీరు" మాత్రం ఇంకా పోలేదు. ఆప్‌ని అని చెప్పగానే "ఛీ" అన్నాడు, అయినా నోరు తిరగట్లేదట. నేను ఇంకా ఏదీ అనట్లేదు.

---

మూడోబెంచి | ఆదివారం, రాత్రి 10:40

టవల్ మంచం మీద వేశాడా? మా ఇంట్లోనూ అదే.

---

గోరువంక | సోమవారం, ఉదయం 6:12

ఆ "అలిగింది" మాత్రం ఎప్పటికీ దిద్దకండి. నావి మా ఆయన దాచుకున్నవి ఇప్పటికీ మూడున్నాయి.

---

వానచినుకు | సోమవారం, ఉదయం 7:44

అయ్యో, పొద్దున్నే దిద్దేశానండీ. "అలిగాను" అనాలి అన్నాను. ముఖం మాడ్చుకుని ఆఫీసుకెళ్ళిపోయాడు. ఇప్పుడిది రాగో, ఓభిమానో సాయంత్రం కనుక్కోవాలి.